ఆఫీసు వదిలేసిన కంపెనీ: తోసిన బలాలు, ఆపిన బలాలు

2017లో డ్రాప్‌బాక్స్ అనే కంపెనీ శాన్ ఫ్రాన్సిస్కోలోని మిషన్ బే ప్రాంతంలో ఒక భవన సముదాయాన్ని అద్దెకు తీసుకుంది. 7,36,000 చదరపు అడుగులు, 15 ఏళ్ల ఒప్పందం. ఆ నగర చరిత్రలో అప్పటికి అంత పెద్ద ఆఫీసు లీజు మరొకటి లేదు. మూడేళ్లు తిరిగాయో లేదో, 2020 అక్టోబరు 13న అదే కంపెనీ తన ఉద్యోగులకు ఇంకో మాట చెప్పింది. ఇకమీదట మీరు ఒంటరిగా చేసుకునే పని ఏదైనా ఇంటి నుంచే, కరోనా పోయాక కూడా ఇంతే, ఆఫీసుకు వచ్చి డెస్కు దగ్గర కూర్చోవడమన్నది ఉండదు అని. దానికి ‘వర్చువల్ ఫస్ట్’ అని పేరు పెట్టారు.

ఆ రోజుల్లో ఇలాంటి ప్రకటనలు చాలానే వచ్చాయి. ట్విటర్ 2020 మే నెలలోనే, కావాలనుకున్నవాళ్లు ఎప్పటికీ ఇంటి నుంచే పనిచేసుకోవచ్చని చెప్పింది. 2022 చివర్లో యజమాని మారగానే ఆ మాట గాలికి పోయింది. డ్రాప్‌బాక్స్ మాట మాత్రం నిలిచింది. ఒకటి ఎందుకు జారిపోయింది, ఇంకొకటి ఎందుకు నిలబడింది? యజమాని స్వభావమే కారణం అనుకుంటే కథ అక్కడితో అయిపోతుంది. కానీ మేనేజ్‌మెంట్ పాఠాల్లో ఫోర్స్ ఫీల్డ్ ఎనాలిసిస్ అనే పాత పద్ధతి ఒకటి ఉంది. కాగితం మీద ఒక గీత, దానికి అటూ ఇటూ బాణాలు, అంతే సరంజామా. డ్రాప్‌బాక్స్ నిర్ణయాన్ని ఆ కాగితం మీద పెట్టి చూస్తే, ఆ కంపెనీ అసలు తెలివి ప్రకటనలో కాక వేరేచోట ఉందని కనిపిస్తుంది.

ఈ పద్ధతికి మూలపురుషుడు కర్ట్ లెవిన్. 1890లో ఇప్పటి పోలండ్‌లో ఉన్న మొగిల్నోలో, ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. బెర్లిన్‌లో మనస్తత్వశాస్త్రం బోధిస్తూ ఉండగా హిట్లర్ అధికారంలోకి రావడంతో 1933లో అమెరికా వెళ్లిపోయాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ప్రభుత్వానికి ఒక చిక్కు వచ్చింది. మంచి మాంసమంతా సైన్యానికి పోతోంది. ఇళ్లలో జనం గుండె, మూత్రపిండాల వంటి భాగాలు వండుకుంటే పోషణకు లోటుండదు. కానీ అవంటే అమెరికా గృహిణులకు ఏవగింపు. వాళ్లను ఎలా ఒప్పించాలి?

లెవిన్ బృందం రెడ్‌క్రాస్‌లో పనిచేసే గృహిణులను చిన్న చిన్న గుంపులుగా తీసుకుంది. కొన్ని గుంపులకు చక్కని ఉపన్యాసం ఇప్పించారు. ఆ మాంసంలో ఉండే విటమిన్లు, తక్కువ ధర, దేశభక్తి, చివరికి వంట విధానాలు రాసిన కాగితాలు, అన్నీ అందించారు. మిగతా గుంపుల్లో ఉపన్యాసం లేదు. ‘మనలాంటి వాళ్లు ఇది వండాలంటే అడ్డం ఏమిటి?’ అని వాళ్లలో వాళ్లనే మాట్లాడుకోనిచ్చారు. మా ఆయన ముట్టడు, వండేటప్పుడు వాసన వస్తుంది, ఎలా వండాలో తెలియదు అంటూ ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. వాసన ఎలా పోగొట్టాలో అప్పుడు చెప్పారు. చివర్లో ఎవరు వండి చూస్తారో చేతులెత్తమన్నారు. తర్వాత ఆరా తీస్తే, ఉపన్యాసం విన్నవాళ్లలో నూటికి 3గురు వండారు. మాట్లాడుకున్నవాళ్లలో నూటికి 32 మంది వండారు.

లెవిన్ దీని నుంచి తీసుకున్న పాఠం ఇది. ఏ అలవాటైనా, ఏ సంస్థలోని పద్ధతైనా ఉన్నచోట ఉందంటే దాన్ని కదిలించే బలాలేవీ లేవని కాదు. ముందుకు తోసే బలాలూ, వెనక్కి ఆపే బలాలూ అక్కడ సరిసమానమై ఉన్నాయని అర్థం. దాన్ని కదపడానికి రెండు దారులు. తోసే బలాలు పెంచడం ఒకటి, ఆపే బలాలు తగ్గించడం ఇంకొకటి. రెండు దారుల్లోనూ కదలిక వస్తుంది. కానీ మొదటి దారిలో ఒత్తిడి కూడా పెరుగుతుంది. హ్యాండ్‌బ్రేక్ వదలకుండా యాక్సిలరేటర్ తొక్కితే కారు కదిలినా కింద కాలుతున్న వాసన వస్తుంది కదా, అలా. రెండో దారిలో అదే కదలిక తక్కువ రాపిడితో వస్తుంది. మేనేజర్లకు స్వభావసిద్ధంగా తట్టేది మొదటి దారే.

ఇప్పుడు కాగితం తీద్దాం.

ముందు గీయాల్సింది బాణం కాదు, గీత. ఏ స్థాయిని కదపాలనుకుంటున్నామో అది స్పష్టంగా ఉండాలి. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. ‘రిమోట్ వర్క్‌కు మారడం’ అని పైన రాసి బాణాలు గీయడం మొదలెడతారు. మారడమంటే ఏమిటి? వారానికి రెండు రోజులు ఇంటి నుంచా? కావాలన్నవాళ్లకేనా? అందరికీనా? ఒక్కో సమాధానానికి బాణాలు వేరు. డ్రాప్‌బాక్స్ విషయంలో గీత చాలా నిక్కచ్చిగా ఉంది: ఒక ఉద్యోగి తన సొంత పనిని ఆఫీసు డెస్కు మీద చేసే రోజులు వారానికి ఎన్ని? 2020 మార్చికి ముందు 5. కావలసింది 0. ఆఫీసు భవనాలు ఉంటాయి. కానీ అవి టీము కలుసుకుని మాట్లాడుకోవడానికి, శిక్షణకు. వాటిని ‘స్టూడియో’లన్నారు.

ఇక తోసే బలాలు. మొదటిది కరోనా. దాని బలం గురించి వాదన అక్కర్లేదు. ఆ ఏడాది ఎవరూ ఆఫీసుకు రాలేకపోయారు. రెండోది ఉద్యోగుల ఇష్టం. కంపెనీ లోపల జరిపిన సర్వేలో, ఇంటి నుంచి పని బాగానే సాగుతోందని, మళ్లీ వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు రావాలనే పద్ధతి వద్దని దాదాపు 90 శాతం మంది చెప్పారు. మూడోది నియామకాలు. శాన్ ఫ్రాన్సిస్కోలో మంచి ఇంజినీరు కావాలంటే గూగుల్, ఫేస్‌బుక్‌లతో జీతంలో పోటీపడాలి. దేశంలో ఎక్కడున్నా తీసుకోవచ్చంటే ఆ పోటీ చప్పబడుతుంది. నాలుగోది కొంచెం విచిత్రమైనది. డ్రాప్‌బాక్స్ అమ్మేదే దూరదూరంగా ఉన్నవాళ్లు ఫైళ్లు పంచుకుని పనిచేసుకునే సాఫ్ట్‌వేర్. తన సరుకు తానే వాడుకుంటే లోపాలు ముందుగా తనకే తెలుస్తాయి.

అద్దె ఏదీ అని ఎవరైనా అడుగుతారు. ఆఫీసు మానేస్తే అద్దె మిగులుతుంది, కాబట్టి అది తోసే బలమే కదా అని. నేను చూసిన ఇలాంటి పటాల్లో దాదాపు ప్రతిదానిలోనూ అద్దె ఆదా ఎడమవైపు లావుగా ఉంటుంది. డ్రాప్‌బాక్స్‌కు మాత్రం అది తప్పు. 15 ఏళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టాక, భవనంలో మనుషులున్నా లేకపోయినా నెలనెలా కట్టాల్సింది కట్టాల్సిందే. ఖాళీ చేస్తే పైసా మిగలదు, ఎవరికైనా మళ్లీ అద్దెకివ్వగలిగితే తప్ప. 2020 చివర్లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఆఫీసు కోసం వెతికేవాడే లేడు. పైగా ఎలాగూ కడుతున్నాం కాబట్టి వాడుకుందాం అనే ఆలోచన ఏ బోర్డురూములోనైనా సహజంగా లేస్తుంది. కాబట్టి ఈ కంపెనీలో అద్దె ఆపే బలం. లీజు గడువు ఆరు నెలల్లో తీరిపోయే కంపెనీలో అదే అద్దె తోసే బలం. ఒకే విషయం ఏ వైపు పడుతుందో కంపెనీ ఒప్పంద పత్రాలు చూడకుండా చెప్పలేం.

రెండో ఆపే బలం మనిషి కెరీర్‌కు సంబంధించింది. దీనికి నా దగ్గరున్న మంచి సాక్ష్యం చైనా నుంచి. షాంఘైలోని సీట్రిప్ అనే ప్రయాణాల బుకింగ్ కంపెనీ 2010 చివర్లో స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందంతో కలిసి ఒక ప్రయోగం చేసింది. కాల్ సెంటర్‌లో ఇంటి నుంచి పనిచేస్తామని ముందుకొచ్చినవారిలో అర్హులు 249 మంది. వాళ్లలో పుట్టినరోజు సరి సంఖ్య తేదీన పడినవాళ్లను ఇంటికి పంపారు, బేసి తేదీవాళ్లను ఆఫీసులోనే ఉంచారు. తొమ్మిది నెలలు అలా నడిపారు. ఇంటి నుంచి చేసినవాళ్ల పని 13 శాతం పెరిగింది. రాజీనామాలు సగానికి తగ్గాయి. ఇవి అందరూ చెప్పే సంగతులు. అంతగా చెప్పనిది ఇంకొకటుంది: అంతే పని చేసిన ఆఫీసువాళ్లతో పోలిస్తే ఇంట్లో ఉన్నవాళ్లకు ప్రమోషన్లు తక్కువగా వచ్చాయి. ప్రయోగం ముగిసి ఎవరికిష్టమైనది వాళ్లు ఎంచుకోవచ్చన్నప్పుడు, సగం మందికి పైగా తమ మునుపటి నిర్ణయం మార్చుకున్నారు. ఇంట్లో ఒంటరితనం భరించలేక ఆఫీసుకు తిరిగొచ్చినవాళ్లు వాళ్లలో ఉన్నారు.

మూడోది కొత్తగా చేరినవాళ్ల సంగతి. ఒక పెద్ద అమెరికన్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల మీద నటాలియా ఇమాన్యుయెల్, ఎమ్మా హారింగ్టన్, అమాండా పలైస్ చేసిన అధ్యయనంలో, టీముతో ఒకే భవనంలో కూర్చున్న జూనియర్లకు వాళ్లు రాసిన కోడ్ మీద ఎక్కువ వ్యాఖ్యలు, సూచనలు అందాయి. దూరమైతే అవి తగ్గాయి. అదే సమయంలో సీనియర్లకు దూరంగా ఉన్నప్పుడు సొంత పని ఎక్కువ జరిగింది, ఎందుకంటే వచ్చి అడిగేవాడు లేడు. అంటే ఒకే ఏర్పాటు సీనియరుకు తోసే బలం, జూనియరుకు ఆపే బలం. సర్వేలో 90 శాతం ఇష్టం కనిపించినప్పుడు అది ఎవరి ఇష్టమో అడగాల్సింది ఇందుకే. వచ్చే ఏడాది చేరబోయే కుర్రాడు ఈ ఏడాది సర్వేలో ఉండడు.

నాలుగోది, వేరే విభాగాలవాళ్లతో పరిచయాలు. మైక్రోసాఫ్ట్ అమెరికా ఉద్యోగులు 61 వేల మందికి పైగా మెయిళ్లు, మీటింగుల లెక్కలు పరిశీలించి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, అందరూ ఇళ్లకు వెళ్లాక సొంత టీములో మాటలు బాగానే సాగాయిగానీ టీములకు మధ్య వంతెనలుగా ఉండే పరిచయాలు సన్నగిల్లాయని తేలింది. ఐదోది అందరికీ అనుభవమైనదే, రోజంతా వీడియో మీటింగులు.

పద్ధతిలో తర్వాతి మెట్టు ఒక్కో బాణానికి 1 నుంచి 5 దాకా మార్కులు వేయడం. కింది మార్కులు నావి, కంపెనీవి కావు. కరోనాకు 5, ఉద్యోగుల ఇష్టానికి 4, నియామకాలకు 3, సొంత సరుకుకు 2. మొత్తం 14. ఇటువైపు లీజుకు 4, కెరీర్ భయానికి 4, జూనియర్లకు 3, పరిచయాలకు 3, మీటింగులకు 2. మొత్తం 16.

ఇక్కడ ఆగి చూడాలి. ఆపే బలాలే ఎక్కువ. 2020లో ఇంట్లో కూర్చోవడం కుదిరిందంటే కరోనా మార్కు 5 దగ్గర ఆగలేదు కాబట్టి. ప్రభుత్వాలే తలుపులు మూయించాయి. కానీ కరోనా పోతుంది. అది పోయాక ఎడమవైపు మిగిలేది 9. ఇటువైపు 16 అలాగే ఉంటాయి. ఏమీ చేయకపోతే 2022 నాటికి ఆఫీసు నిండిపోవాలి. శాశ్వత నిర్ణయానికి ఈ పటం వేసేటప్పుడు తాత్కాలిక బలాన్ని విడి రంగులో గీయడం అందుకే. దాన్ని చేత్తో మూసి మిగతా లెక్క చూసుకోవాలి.

సగటు మేనేజర్ అయితే ఇక్కడ తోసే బలాలు పెంచేవాడు. ఇంటి నుంచి పని ఎంత గొప్పదో చెప్పే వీడియోలు, ఫర్నిచర్‌కు డబ్బులు, ఒక బహుమతి. డ్రాప్‌బాక్స్ కూడా ఇంటి సరంజామాకు డబ్బులిచ్చింది, అది వేరే. కానీ బరువంతా అవతలి వైపు పెట్టింది.

కెరీర్ బాణం తీసుకోండి. అప్పట్లో చాలా కంపెనీలు ‘హైబ్రిడ్’ అన్నాయి: కొందరు ఆఫీసులో, కొందరు ఇంట్లో, ఎవరిష్టం వాళ్లది. వినడానికి ఉదారంగా ఉంటుంది. డ్రాప్‌బాక్స్ దాన్ని తిరస్కరిస్తున్నామని, ఎందుకో కూడా చెప్పింది. రెండు రకాల అనుభవాలు పుడతాయి, ఆఫీసుకు వచ్చేవాళ్లకూ రానివాళ్లకూ మధ్య పని అంచనాల్లో, కెరీర్‌లో తేడాలు వస్తాయి అని. సీట్రిప్‌లో జరిగింది అదే కదా. బాసు ఆఫీసులో ఉంటే, బాసు కంట్లో పడేవాడికి ప్రమోషన్. ఆ భయాన్ని తీసేయడానికి దొరికిన ఉపాయం, ఎవరూ డెస్కు దగ్గర కూర్చోకుండా చేయడం. పై అధికారి కూడా. స్టూడియోకు వెళ్లి లాప్‌టాప్ తెరిచి ఒంటరిగా పనిచేసుకునే వీలు లేకపోతే, అక్కడ కనబడి మార్కులు కొట్టేసే వీలూ లేదు. నా లెక్కలో ఆ 4 కాస్తా 1 అయింది. ఈ ఒక్క నిబంధన ఆ ప్రకటన మొత్తానికి ఎత్తు. నిజానికి చాలామంది ఉద్యోగులకు ఇది నచ్చి ఉండకపోవచ్చు, ఇల్లు ఇరుకైనవాళ్లకు ముఖ్యంగా.

లీజు విషయంలో చేసింది ఇంకా ధైర్యమైన పని. 2020 చివరి త్రైమాసికంలో తమ ఆఫీసు ఆస్తుల విలువను దాదాపు 39.8 కోట్ల డాలర్ల మేర తగ్గించి, ఆ నష్టాన్ని పుస్తకాల్లో చూపించారు. ఆ ఒక్క దెబ్బకు ఆ త్రైమాసికం భారీ నష్టంలోకి పోయింది. నగదు అప్పటికప్పుడు బయటికి పోలేదు. అద్దె మామూలుగానే కట్టాలి. కానీ ఆ నష్టం రాసుకున్నాక, భవనం ఉంది కదా వాడుకుందాం అనే వాదనకు పుస్తకాల్లో చోటు లేదు. జాగాను వేరేవాళ్లకు అద్దెకివ్వడం మొదలెట్టారు. 4 కాస్తా 2 అయింది, 0 కాలేదు. 2023లో లక్షా 65 వేల చదరపు అడుగుల జాగాను ఇంటి యజమానికి తిరిగి అప్పగించడానికి 7.9 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నారంటే ఆ బాణం ఎంత మొండిదో అర్థమవుతుంది.

మీటింగులకు రోజులో నాలుగు గంటల ఉమ్మడి వేళ పెట్టారు. మీటింగులు ఆ గంటల్లోనే, మిగతా సమయం ఎవరి వీలు వాళ్లది. పరిచయాల కోసం టీములు కొన్ని నెలలకోసారి ఒకచోట కలిసే ఏర్పాటు చేశారు. ఏడాదిలో 90 శాతం దూరంగా, 10 శాతం కలిసి అన్నది వాళ్ల లెక్క. మీటింగులకు 2 పోయి 1, పరిచయాలకు 3 పోయి 2 వేస్తాను. జూనియర్ల బాణానికి మాత్రం సూటిగా తగిలే మందు నాకు కనబడలేదు. 3 అలాగే ఉంచుతాను.

కొత్త మొత్తం 9. అటువైపు కరోనా తీసేస్తే 9. సరిసమానం. అంటే గీత కొత్త చోట నిలబడుతుందిగానీ, వేలితో తోస్తే కదిలేంత పలచగా. కానీ ఏడాది గడిచేసరికి అటువైపు ఒక కొత్త బాణం పుట్టింది. ఉద్యోగులు ఊళ్లు మారారు. అద్దె తక్కువ ఉన్నచోట ఇళ్లు కొనుక్కున్నారు, పిల్లల్ని అక్కడి బళ్లలో వేశారు. శాన్ ఫ్రాన్సిస్కో గడప తొక్కకుండానే ఉద్యోగంలో చేరినవాళ్లు వచ్చారు. ఇక వెనక్కి పిలవడం ప్రకటనతో అయ్యే పని కాదు. ఇలా కొత్త చోట వేళ్లు దిగడాన్నే లెవిన్ మార్పులో మూడో దశగా చెప్పాడు: ముందు కరిగించడం, తర్వాత కదపడం, ఆపైన గడ్డకట్టించడం.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2020లోనే టీసీఎస్ ‘25/25’ అనే లక్ష్యం ప్రకటించింది. 2025 నాటికి తమ ఉద్యోగుల్లో ఏ సమయంలోనైనా 25 శాతం మందికి మించి ఆఫీసులో ఉండనక్కర్లేదని. అప్పటికే నాలుగున్నర లక్షల మంది ఉన్న కంపెనీ. హైదరాబాద్‌లోనూ వాళ్ల క్యాంపస్‌లు పెద్దవి. ఆ రోజుల్లో ఎంతోమంది గదులు ఖాళీ చేసి ఖమ్మం, రాజమండ్రి, కర్నూలు చేరుకుని మేడ మీద గదిలో బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకున్నారు. 2023 అక్టోబరు నుంచి అదే కంపెనీ వారానికి ఐదు రోజులు ఆఫీసుకు రమ్మంది.

పటం వేస్తే కారణాలు దాగవు. తోసినవాటిలో పెద్దది కరోనా. అది పోయింది. ఆపే బలాల్లో మన దేశానికే ప్రత్యేకమైనవి రెండున్నాయి. ఒకటి సెజ్. మాదాపూర్, గచ్చిబౌలి చుట్టుపక్కల చాలా ఐటీ క్యాంపస్‌లు ప్రత్యేక ఆర్థిక మండలాలు. వాటిలో పన్ను రాయితీ ఆ ఆవరణలో నుంచి జరిగే పనికి. పని ఇంట్లో జరిగితే ఎలా? 2022 జులైలో కేంద్రం 43ఏ అనే నిబంధన తెచ్చి, సగం మంది దాకా ఒక ఏడాది పాటు ఇంటి నుంచి చేయవచ్చంది. తర్వాత సడలించింది, గడువులూ పెంచింది. కానీ గడువుల మీద గడువులతో ఏ కంపెనీ శాశ్వత నిర్ణయం తీసుకోగలదు? రెండోది మూన్‌లైటింగ్, అంటే ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తూ చాటుగా ఇంకో చోట పనిచేయడం. 2022 సెప్టెంబరులో పోటీ కంపెనీలకు పనిచేస్తున్నారంటూ 300 మందిని తీసేశామని విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ చెప్పడంతో, ఈ బాణం రాత్రికి రాత్రే లావెక్కింది. 2020లో ఎవరి పటంలోనూ అది లేదు.

కబురు చేసినంత మాత్రాన అందరూ తిరిగి రాలేదు. అప్పుడు టీసీఎస్ హాజరును వేరియబుల్ పేతో ముడిపెట్టిందని 2024లో వార్తలొచ్చాయి. ఇది తోసే బలాన్ని పెంచడం, ఈసారి ఆఫీసు వైపు. హాజరు పెరుగుతుంది, నిజమే. కార్డు గీకి రెండు గంటలుండి వెళ్లిపోవడాలు కూడా ఇలాంటి చోటే మొదలవుతాయి. లెవిన్ చెప్పిన ఒత్తిడి బయటపడే దారి అది.

ఆపే బలాన్ని తీసేయడం ఎలా ఉంటుందో చూపించే ఉదాహరణ కూడా ఇక్కడే ఉంది. 2020 నవంబరుకు ముందు మన కాల్ సెంటర్లూ బీపీఓలూ టెలికాం శాఖ దగ్గర ఓఎస్‌పీ పేరుతో నమోదు చేసుకోవాలి. ఉద్యోగిని ఇంటి నుంచి పనిచేయించాలంటే బ్యాంకు గ్యారంటీల వంటి షరతులుండేవి. ఆ నెలలో వాటిని ఎత్తేశారు. ఏ కంపెనీనీ ఎవరూ తోయలేదు, ఒప్పించనూ లేదు. ఒక రాయి తీసేశారంతే.

ఈ పటం వేసేవాళ్లు చేసే పొరపాట్లలో ఒకదాన్ని మాత్రం విడమరచి చెప్పాలి. ఎడమవైపు ‘ప్రయాణ సమయం ఆదా’ అని ఒక బాణం, ‘ఉద్యోగుల ఇష్టం’ అని ఇంకోటి, ‘రాజీనామాలు తగ్గడం’ అని మూడోది గీస్తారు. మూడూ ఒకే బలం. గంటన్నర ట్రాఫిక్ తప్పింది కాబట్టి ఇష్టం, ఇష్టం కాబట్టి రాజీనామా లేదు. అవి కలిపి 12 మార్కులు తెచ్చుకుంటాయి. అవతలివైపు ‘కంపెనీ సంస్కృతి’ అనే పెద్ద బాణం ఉంటుంది. దాని అర్థం ఎవరినడిగినా ఒక్కోటి చెబుతారు. రెంటికీ ఒకే పరీక్ష సరిపోతుంది. ఈ బలం వల్ల ఎవరు, ఎప్పుడు, ఏం చేస్తారు అని అడగాలి. ‘రెండేళ్ల అనుభవమున్న ఇంజినీరు సందేహం వస్తే అడగకుండా రెండు రోజులు కూర్చుంటాడు’ అన్నది బలం. ‘సంస్కృతి దెబ్బతింటుంది’ అన్నది బలం కాదు, భయానికి పెట్టిన పేరు. దాని కింద ఏముందో తవ్వి తీసి విడి బాణాలుగా గీయాలి, లేదా కొట్టేయాలి.

మొత్తాల తేడా 1 అయినా 2 అయినా దాని మీద నిర్ణయం ఆధారపడకూడదు. మార్కులు వేసినవాళ్లు వేరైతే మొత్తం మారుతుంది. అసలు ఇక్కడ కూడికకు ఉన్న విలువ తక్కువ. ఏ బాణం మన చేతుల్లో ఉంది, ఏది లేదు, ఏది గడువుతో వచ్చింది అన్నది చూడటానికే ఈ మార్కులు పనికొస్తాయి. మార్కులు వేసేటప్పుడు గదిలో ఎవరున్నారన్నది అంతకన్నా ముఖ్యం. దర్శకులూ సీనియర్లూ మాత్రమే కూర్చుంటే జూనియర్ బాణానికి 1 పడుతుంది. పోయినేడు చేరినవాళ్లు ఇద్దరిని కూర్చోబెడితే అది 4 అవుతుంది.

వర్చువల్ ఫస్ట్ డ్రాప్‌బాక్స్ వ్యాపారాన్ని ఆదుకోలేదన్నది కూడా చెప్పాలి. ప్రకటన వచ్చిన మూడు నెలలకే, 2021 జనవరిలో 315 మందిని, అంటే 11 శాతం మందిని తీసేశారు. ఆఫీసుల నిర్వహణకు ఇక అంతమంది అక్కర్లేదన్నది అప్పుడు చెప్పిన కారణాల్లో ఒకటి. 2023లో, 2024లో ఇంకా పెద్ద కోతలు పడ్డాయి. భోజనశాల నడిపేవాళ్లు, రిసెప్షన్‌లో ఉండేవాళ్లు ఇంటి నుంచి ఏం చేస్తారు? వాళ్ల బలం ఏ పటంలోనూ బాణమై కనిపించదు, ఎందుకంటే వాళ్లు సాధారణంగా కంపెనీ ఉద్యోగులే కారు, కాంట్రాక్టువాళ్లు.

నిర్ణయం తీసుకున్నాక గీత జారుతోందా లేదా అన్నది ఎలా తెలుస్తుంది? ఉద్యోగుల సర్వేలు ఆలస్యంగా చెబుతాయి. ముందే చెప్పేవి చిన్న గుర్తులు. పెద్దబాసులు వారానికోసారి ఆఫీసులో కలుస్తున్నారా? ముఖ్యమైన ప్రాజెక్టు హెడ్డాఫీసు ఊళ్లో ఉన్నవాళ్లకే పడుతోందా? ఇవి రెండూ కెరీర్ బాణం మళ్లీ లావవుతోందనడానికి సూచనలు. మూడోది హెచ్‌ఆర్ దగ్గర లెక్కల్లోనే ఉంటుంది: కొత్తగా చేరినవాళ్లలో మొదటి ఏడాదిలోనే వెళ్లిపోయేవాళ్లు ఎందరు, పాతవాళ్లతో పోలిస్తే ఆ సంఖ్య ఎటు పోతోంది. మొత్తం రాజీనామాలు తగ్గుతూ, ఈ ఒక్క సంఖ్య పెరుగుతూ ఉంటే, 3 అని వదిలేసిన బాణం 4 అయిందని లెక్క.